బంగారం ధరల రిగ్రెషన్: యూనిట్ రూట్, కోఇంటిగ్రేషన్ పరీక్షలు ఏం చెబుతాయి, ఎక్కడ పొరబడతాయి

సంక్షిప్తంగా: కాలంతో పాటు పెరుగుతూ పోయే రెండు ధరలను నేరుగా రిగ్రెషన్‌లో పెడితే, వాటి మధ్య ఏ సంబంధం లేకపోయినా ఉన్నట్టే ఫలితం వస్తుంది. అందుకే ముందు ఒక్కో శ్రేణికి యూనిట్ రూట్ పరీక్ష, తరువాత రెంటి మధ్య తేడాకు కోఇంటిగ్రేషన్ పరీక్ష చేయాలి. అయితే దేశీయ బంగారం, డాలరు బంగారం వంటి గట్టి ముడి ఉన్న జంటలో కూడా రూపాయి మారకం విలువను వదిలేసినా, దిగుమతి సుంకం మార్పులను లెక్కలోకి తీసుకోకపోయినా పరీక్ష "బంధం లేదు" అని చెప్పే అవకాశం ఉంది. అలాంటి తీర్పు ఎలా వస్తుందో ఈ వ్యాసం అంకెలతో వివరిస్తుంది.

2013లో అంతర్జాతీయ విపణిలో బంగారం డాలరు ధర దాదాపు 28 శాతం పడిపోయింది. భారతదేశంలో మాత్రం రూపాయల్లో ధర అంతగా దిగలేదు. ఆ ఏడాదిలో డాలరు విలువ సుమారు 55 రూపాయల నుంచి 62 రూపాయలకు చేరింది. దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం మూడు విడతలుగా పెంచింది: జనవరిలో 4 నుంచి 6 శాతానికి, జూన్‌లో 8 శాతానికి, ఆగస్టులో 10 శాతానికి. 2024 జూలైలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. బడ్జెట్‌లో సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే, డాలరు ధరలో చెప్పుకోదగిన మార్పు లేకుండానే ఇక్కడి ధర వేల రూపాయలు పడింది. ఇలాంటి సందర్భాల్లో "మన ధరకూ ప్రపంచ ధరకూ సంబంధం తెగిపోయిందా" అనే ప్రశ్న వస్తుంది. దానికి చాలామంది వెతికే సమాధానం ఒక రిగ్రెషన్: దేశీయ ధరను అంతర్జాతీయ ధర మీద వేసి, ఆర్-స్క్వేర్, అంటే మొదటి ధర కదలికలో రెండోది వివరించే వంతు, ఎంత వచ్చిందో చూడడం. ఆ అంకెను నమ్మే ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి.

## తిరిగి రాని శ్రేణులతో వచ్చే చిక్కు

ఈ రోజు ధర నిన్నటి ధరకు ఒక కొత్త కుదుపు కలిపితే వచ్చినదే అనుకుందాం. నిన్నటి ధరకు గుణకం సరిగ్గా 1. కాబట్టి ఒకసారి తగిలిన కుదుపు ఎప్పటికీ చెరిగిపోదు, ఆ తరువాతి ప్రతి రోజు ధరలోనూ అది మిగిలే ఉంటుంది. దీన్నే యూనిట్ రూట్ ఉన్న శ్రేణి అంటారు. గుణకం 0.9 అయితే కుదుపు ప్రభావం రోజుకు పదో వంతు చొప్పున కరుగుతుంది, ఆరేడు రోజుల్లో సగానికి దిగుతుంది, శ్రేణి తన సగటు దగ్గరికి తిరిగి వస్తుంది. ఇలా తిరిగి వచ్చేదాన్ని స్టేషనరీ శ్రేణి అంటారు. 0.9కీ 1కీ మధ్య తేడా చూపుకు చిన్నదే అయినా, రిగ్రెషన్ పాఠ్యపుస్తకాల్లోని టి-విలువలు, పి-విలువలు అన్నీ ఆ తేడా మీదే నిలబడి ఉన్నాయి.

ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు యూనిట్ రూట్ శ్రేణులను తీసుకుంటే, ఏ కాలవ్యవధిలోనైనా రెండూ ఏదో ఒక వైపుకు జరిగి ఉంటాయి. ఒకే వైపుకు జరిగితే ధన సంబంధం, ఎదురెదురుగా జరిగితే రుణ సంబంధం కనిపిస్తుంది. అసలు సంబంధమే లేనట్టు కనిపించడం అరుదు. 1926లో బ్రిటిష్ గణాంకవేత్త యూల్ ఇంగ్లండులో చర్చి వివాహాల నిష్పత్తికీ మరణాల రేటుకీ మధ్య 0.95 సహసంబంధం చూపించి, ఇటువంటి వాటిని అర్థరహిత సహసంబంధాలన్నాడు. 1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ కంప్యూటర్‌లో సృష్టించిన స్వతంత్ర శ్రేణులతో ఇదే పరీక్ష చేశారు. ఒక్కో శ్రేణిలో 50 పరిశీలనలు ఉంచి రిగ్రెషన్‌లు వేస్తే, మామూలు 5 శాతం స్థాయిలో దాదాపు నాలుగింట మూడు వంతుల సార్లు "సంబంధం ఉంది" అని ఫలితం వచ్చింది. రావలసినది ఇరవైకి ఒకసారి మాత్రమే.

పరిశీలనలు పెంచితే ఈ దోషం తగ్గుతుందనుకోవడం సహజం. కానీ జరిగేది అందుకు విరుద్ధం. 1986లో ఫిలిప్స్ చూపినట్టు, ఇటువంటి రిగ్రెషన్‌లో టి-విలువ పరిశీలనల సంఖ్య వర్గమూలంతో పాటు పెరుగుతూ పోతుంది. ఐదేళ్ల రోజువారీ ధరలకు బదులు ఇరవై ఏళ్లవి పెడితే తప్పు ఇంకా నమ్మకంగా కనిపిస్తుంది. ఆర్-స్క్వేర్ సున్నాకు చేరదు, ఏదో ఒక యాదృచ్ఛిక విలువ దగ్గర ఆగుతుంది. ఈ జబ్బును పట్టిచ్చే లక్షణం ఒకటుంది. దర్బిన్–వాట్సన్ అంకె సున్నాకు దగ్గరపడుతుంది, అంటే రిగ్రెషన్ వివరించలేక మిగిల్చిన అవశేషాలు రోజు రోజుకూ ఒకే వైపు ఉండిపోతాయి. ఆర్-స్క్వేర్ దర్బిన్–వాట్సన్ కంటే పెద్దదైతే ఆ రిగ్రెషన్‌ను అనుమానించాలన్న గ్రాంజర్, న్యూబోల్డ్ సూచన మొదటి చూపుకు ఇప్పటికీ పనికొస్తుంది. పరీక్షకు మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

## ఒక్కో ధరను విడిగా చూడడం

బంగారం విషయంలో ధరల సంవర్గమానాలు, అంటే లాగ్‌లు తీసుకోవడం ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదు. దేశీయ ధర ఏర్పడేదే గుణకారంతో: డాలరు ధరను మారకం విలువతో గుణించి, దాని మీద సుంకం శాతాన్ని వేస్తారు. లాగ్ తీసుకుంటే ఆ గుణకారం కూడికగా మారుతుంది. 2013 సంగతినే ఇలా కూడవచ్చు: డాలరు ధర వల్ల సుమారు −0.33, రూపాయి వల్ల +0.12, సుంకం 4 నుంచి 10 శాతానికి చేరడం వల్ల +0.056. మొత్తం −0.15 దగ్గర తేలుతుంది. డాలరు బంగారం కోల్పోయిన విలువలో సగానికి పైగా ఇక్కడి కొనుగోలుదారుకు ఎందుకు అందలేదో ఈ కూడికలోనే ఉంది. లాగ్ లేకుండా నేరుగా రూపాయలను డాలర్ల మీద వేస్తే, సుంకమో మారకం విలువో మారిన ప్రతిసారీ వాలు గుణకమే మారిపోతుంది. మారుతున్న గుణకాన్ని ఒకే స్థిరాంకంగా అంచనా వేయడంలో అర్థం లేదు.

ప్రతి శ్రేణికీ మొదట ఆగ్మెంటెడ్ డికీ–ఫుల్లర్ పరీక్ష చేస్తారు. ధరలోని నేటి మార్పును నిన్నటి ధర స్థాయి మీద, గత కొన్ని రోజుల మార్పుల మీద రిగ్రెస్ చేసి, స్థాయి గుణకం సున్నా కంటే తగినంత తక్కువగా ఉందా అని చూడడమే దీని సారం. శ్రేణి సగటుకు తిరిగి వచ్చేదైతే ధర ఎక్కువగా ఉన్న రోజు తరువాత తగ్గే మొగ్గు ఉండాలి, కాబట్టి గుణకం రుణాత్మకంగా రావాలి. యూనిట్ రూట్ ఉన్నప్పుడు ఈ టి-విలువ మామూలు టి-పట్టికను అనుసరించదు. అందుకే 5 శాతం హద్దు −1.65 కాదు. స్థిరాంకం మాత్రమే ఉంటే అది −2.86, కాలధోరణి కూడా ఉంటే −3.41. బంగారం ధర ఏళ్ల తరబడి పైకి జరిగిన శ్రేణి కనుక ధర స్థాయికి కాలధోరణి ఉన్న రూపాన్నే వాడాలి. ధోరణిని వదిలేస్తే, నిజంగా ఒక ధోరణి చుట్టూ తిరిగే శ్రేణిని కూడా ఈ పరీక్ష యూనిట్ రూట్‌గానే చూస్తుంది.

డికీ–ఫుల్లర్ పరీక్షలో శూన్య పరికల్పన "యూనిట్ రూట్ ఉంది" అన్నది. దాన్ని తిరస్కరించలేకపోవడం అంటే యూనిట్ రూట్ రుజువైందని కాదు, తిరస్కరించడానికి సాక్ష్యం చాలలేదని. అందుకే పరికల్పనను తిరగేసిన కేపీఎస్ఎస్ పరీక్షను జతగా చేస్తారు. దానిలో శూన్య పరికల్పన "స్టేషనరీ" అన్నది, స్థాయి రూపంలో 5 శాతం హద్దు 0.463, ధోరణి రూపంలో 0.146. మొదటిది తిరస్కరించకుండా, రెండోది తిరస్కరిస్తే యూనిట్ రూట్ అన్న నిర్ణయానికి బలం వస్తుంది. రెండూ తిరస్కరిస్తే సాధారణంగా శ్రేణి మధ్యలో ఎక్కడో మెట్టు ఉందని, అంటే స్థాయి ఒక్కసారిగా మారి అక్కడే నిలిచిందని అనుమానించాలి. ఈ మెట్టు విషయం కిందకు మళ్లీ వస్తుంది. తరువాత రోజువారీ మార్పులకు కూడా ఇదే పరీక్ష చేసి, అవి స్టేషనరీ అని చూసుకోవాలి. ఒక శ్రేణి స్టేషనరీ, మరొకటి యూనిట్ రూట్ అయితే రెంటినీ స్థాయిల్లో ఒక సమీకరణంలో పెట్టే ప్రసక్తే లేదు.

## రెండు ధరల మధ్య మూడోది

రెండు శ్రేణుల్లోనూ యూనిట్ రూట్ ఉందని తేలడంతో రిగ్రెషన్‌కు దారి మూసుకుపోదు. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లు పొలమంతా ఎటు తిరిగినా వాటి మధ్య దూరం కాడి పొడవును మించదు. ఆ రకంగా, రెండు ధరలు విడివిడిగా ఎక్కడికి పోయినా వాటి మధ్య ఒక తేడా మాత్రం సగటుకు తిరిగి వస్తూ ఉంటే ఆ రెండూ కోఇంటిగ్రేట్ అయ్యాయంటారు. 1987లో ఎంగిల్, గ్రాంజర్ ఈ భావనను ఒక పరీక్షా పద్ధతిగా స్థిరపరిచారు. మొదట స్థాయిల్లో రిగ్రెషన్ వేసి, దాని అవశేషాలకు యూనిట్ రూట్ పరీక్ష చేస్తారు. అవశేషాలు స్టేషనరీ అయితే ఆ రిగ్రెషన్ నిజమైన దీర్ఘకాలిక సంబంధాన్ని కొలిచినట్టు, కాకపోతే యూల్ లెక్కలాంటిదే మళ్లీ చేసినట్టు.

ఇప్పుడు దేశీయ బంగారం ధర లాగ్‌ను డాలరు ధర లాగ్ మీద మాత్రమే వేసి చూద్దాం. రెండూ గత దశాబ్దంలో పైకి జరిగినవే కనుక ఆర్-స్క్వేర్ పెద్దదిగా కనిపించడంలో వింత లేదు. అయినా అవశేషాలు స్టేషనరీ కావు, కాకూడదు కూడా. ఎందుకంటే సమీకరణంలో లేని రూపాయి–డాలరు మారకం విలువ తానే ఒక యూనిట్ రూట్ శ్రేణి. 2011 తొలి నెలల్లో 45 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2024కు 84 రూపాయల దగ్గరికి వచ్చింది. లాగ్‌లో ఇది 0.62 జరుగుడు. ఈ జరుగుడు వెనక్కి వచ్చేది కాదు, అదంతా అవశేషంలోనే చేరుతుంది. లేదా కొంత భాగం డాలరు ధర గుణకంలోకి దూరి దాన్ని 1 కంటే పైకి తోస్తుంది. అటువంటి గుణకాన్ని చూసి "ప్రపంచ ధర ఒక శాతం పెరిగితే మన ధర ఒక శాతం కంటే ఎక్కువ పెరుగుతుంది" అని రాసే విశ్లేషణలు తరచూ కనిపిస్తాయి. అది బంగారం లక్షణం కాదు, సమీకరణంలోకి రాని రూపాయి మిగిల్చిన గుర్తు.

కాబట్టి ఈ పరీక్ష "బంధం లేదు" అంటే దాని అర్థం ఈ రెండు శ్రేణులు మాత్రమే చాలవని. మూడోదాన్ని చేర్చాక బంధం బయటపడవచ్చు. దీనికి భిన్నంగా, స్టేషనరీ అయిన ఒక చలనరాశిని వదిలేస్తే పరీక్షకు అంత హాని జరగదు, అవశేషంలో కొంత చప్పుడు పెరుగుతుంది అంతే.

## హద్దు విలువ ఎక్కడ మారుతుంది

ఎంగిల్–గ్రాంజర్ పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు ఆచరణలోనిది. అవశేషాలను ఒక కొత్త వరుసలో పెట్టి, మామూలు డికీ–ఫుల్లర్ ఫంక్షన్‌కు ఇచ్చి, అది చూపిన −2.86 హద్దుతో పోల్చి తీర్పు చెప్పేస్తారు. ఇది చెల్లదు. అవశేషాలు దొరికిన శ్రేణి కావు, వాటిని వీలైనంత చిన్నవిగా చేసే గుణకాలను ఎంచుకున్న తరువాత మిగిలినవి. ఆ ఎంపిక వల్లనే అవి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ స్టేషనరీగా కనిపిస్తాయి. దాన్ని సరిచేయడానికి హద్దును ఇంకా కిందికి జరపాలి. రెండు శ్రేణులు ఉంటే 5 శాతం హద్దు −3.34, మూడు ఉంటే −3.74. అంటే −3.1 వచ్చిన పరీక్షను తప్పు పట్టికతో చూసి బంధం ఉందని ప్రకటించే ప్రమాదం ఉంది. పైథాన్ వాడేవారికి `statsmodels` లోని `coint` ఫంక్షన్ సరైన పట్టికనే వాడుతుంది. అవశేషాలను తీసి `adfuller` కు ఇవ్వడం మాత్రం పొరపాటు.

గుణకాలు అంచనా వేయనవసరం లేని సందర్భం కూడా ఉంది. బంగారం సరిగ్గా అటువంటిదే. డాలరు ధర, మారకం విలువ, సుంకం అనే మూడింటి గుణకాలూ ధర ఏర్పడే పద్ధతిని బట్టే 1 అని ముందే తెలుసు. అప్పుడు తేడాను నేరుగా లెక్కగట్టవచ్చు, రిగ్రెషన్ అవసరం లేదు. రిగ్రెషన్ లేదు కాబట్టి సరిదిద్దవలసిన మొగ్గు కూడా లేదు. ఆ తేడాకు మామూలు −2.86 హద్దే వర్తిస్తుంది. ముందే తెలిసిన సంగతిని వాడుకోవడం వల్ల పరీక్ష నిజమైన బంధాన్ని పట్టే శక్తి పెరుగుతుంది.

```python
import numpy as np
from statsmodels.tsa.stattools import adfuller, coint

p = np.log(df["inr_10g"])
x = np.log(df["usd_oz"] * df["usdinr"] * 10 / 31.1035)
d = np.log(1 + df["duty"])

print(coint(p, x, trend="c"))
print(adfuller(p - x, regression="c"))
print(adfuller(p - x - d, regression="c"))
```

ఇక్కడ 31.1035 అనేది ఒక ట్రాయ్ ఔన్సులోని గ్రాముల సంఖ్య, ధర 10 గ్రాములకు. `duty` వరుసలో 0.15, 0.06 వంటి విలువలు, అవి అమల్లో ఉన్న తేదీల ప్రకారం ఉండాలి. `inr_10g` లో జీఎస్టీ కలపని ధర తీసుకోవాలి. లేకపోతే 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన రోజు ఇంకో మెట్టు చేరుతుంది.

## సుంకం వేసిన మెట్టు

పై కోడ్‌లోని రెండో, మూడో పరీక్షల మధ్య తేడా ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది. రెండో దానిలో సుంకం లేదు. సుంకం రోజూ మారేది కాదు, ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి ఒక్కసారిగా మారుతుంది. 2013 ఆగస్టు నుంచి 2019 జూలై వరకు 10 శాతం, ఆ తరువాత 12.5 శాతం, 2021 ఫిబ్రవరి నుంచి సెస్సులతో కలిపి 10.75 శాతం, 2022 జూలై నుంచి 15 శాతం, 2024 జూలై నుంచి 6 శాతం. లాగ్‌లో చూస్తే 15 శాతం అంటే 0.1398, 6 శాతం అంటే 0.0583. ఒక్క రోజులో జరిగిన మార్పు 0.0815. రూపాయల్లో చెప్పాలంటే, ఔన్సు 2,400 డాలర్లు, డాలరు 83.70 రూపాయలు అనుకుంటే సుంకం లేని ధర 10 గ్రాములకు సుమారు 64,580 రూపాయలు. 15 శాతం సుంకంతో అది 74,270 రూపాయలకు, 6 శాతంతో 68,460 రూపాయలకు వస్తుంది.

ఈ మెట్టు పరీక్షను ఎంతగా చెడగొడుతుందో ఒక సరళమైన లెక్కతో చూడవచ్చు. సుంకం పక్కన పెడితే మిగిలే తేడా, అంటే స్థానిక వ్యాపారులు అంతర్జాతీయ ధర మీద అడిగే ప్రీమియం లేదా ఇచ్చే తగ్గింపు, సగటు చుట్టూ 0.4 శాతం ప్రామాణిక విచలనంతో కదులుతుందనుకుందాం. ఔన్సు 2,400 డాలర్ల దగ్గర ఇది 10 డాలర్ల వరకు ఉంటుంది. నేటి తేడాకు నిన్నటి తేడా గుణకం 0.9 అనుకుందాం. ఇటువంటి 2,500 ట్రేడింగ్ రోజుల శ్రేణికి, అంటే సుమారు పదేళ్లకు, డికీ–ఫుల్లర్ టి-విలువ −11.5 దగ్గర వస్తుంది. హద్దు −2.86 కనుక బంధం గురించి సందేహానికి తావే ఉండదు.

ఇప్పుడు అదే శ్రేణికి నడిమధ్యలో 0.0815 మెట్టు ఒక్కటి చేరుద్దాం. మొదటి సగం మొత్తం సగటు కంటే 0.04 పైన, రెండో సగం 0.04 కింద ఉంటుంది. ఈ రెండు అంతస్తుల తేడా వల్ల కలిగే విస్తృతి 0.00166. అసలు తేడా సొంత విస్తృతి 0.000016, అంటే మొదటి దానిలో వందో వంతు. మొత్తం శ్రేణిలో కనిపించే కదలికంతా అంతస్తుల తేడాయే. పైఅంతస్తులో ఉన్న 1,250 రోజులూ శ్రేణి తన "సగటు" వైపు దిగే ప్రయత్నమే చేయదు, ఎందుకంటే ఆ సగటు దానిది కాదు. ఫలితంగా రోజు నుంచి రోజుకు గుణకం 0.9 నుంచి 0.998కి చేరినట్టు కనిపిస్తుంది. కుదుపు సగానికి కరిగే కాలం ఆరేడు రోజుల నుంచి దాదాపు 400 రోజులకు సాగుతుంది. టి-విలువ −1.5 దగ్గరికి వచ్చేస్తుంది. యూనిట్ రూట్‌ను తిరస్కరించలేం, కనుక "దేశీయ ధరకూ అంతర్జాతీయ ధరకూ దీర్ఘకాలిక బంధం లేదు" అని నివేదిక రాయవలసి వస్తుంది. మార్కెట్‌లో మాత్రం ఆ పదేళ్లలో బంధం ఒక్క రోజు కూడా తెగలేదు.

1989లో పెర్రన్ చూపినది ఇదే. స్టేషనరీ శ్రేణిలో ఒక్క మెట్టు ఉన్నా డికీ–ఫుల్లర్ పరీక్ష దాన్ని యూనిట్ రూట్‌గా చూస్తుంది. మెట్టు ఎప్పుడు వచ్చిందో తెలియనప్పుడు వాడేందుకు 1996లో గ్రెగరీ, హాన్సెన్ ఒక పరీక్ష ఇచ్చారు. అది సాధ్యమైన ప్రతి తేదీనీ ప్రయత్నించి, బంధానికి అత్యంత అనుకూలమైన దాన్ని ఎంచుకుంటుంది. అలా వెతికే స్వేచ్ఛకు పరిహారంగా హద్దు −4.61కి దిగుతుంది. సుంకం విషయంలో ఆ పరిహారం చెల్లించనవసరం లేదు. మెట్టు తేదీ, ఎత్తు రెండూ ప్రభుత్వ నోటిఫికేషన్‌లోనే ఉంటాయి. తేడాలోంచి `d` ను తీసివేస్తే సరిపోతుంది. తెలిసిన విషయాన్ని డేటాలో గాలించడం పరీక్షను బలహీనపరచడమే.

మెట్టు వల్ల పరీక్ష పొరబడిందా, నిజంగానే బంధం లేదా అన్నది తెలుసుకోవడానికి తేడాను గీసి చూడడమే అన్నిటికంటే సూటి మార్గం. యూనిట్ రూట్ ఉన్న తేడా ఎక్కడా నిలకడ లేకుండా నెమ్మదిగా జారుతుంది. మెట్టు ఉన్న తేడా రెండు మూడు చదునైన పట్టీలుగా, వాటి మధ్య నిట్టనిలువు గోడలతో కనిపిస్తుంది. ప్రతి పట్టీకి విడిగా పరీక్ష చేస్తే యూనిట్ రూట్ మాయమవుతుంది. కుదుపు వారంలో సగానికి కరిగే శ్రేణికి ఒక పట్టీలోని రెండేళ్ల రోజువారీ డేటా సరిపోతుంది. కుదుపు కరగడానికే రెండు మూడేళ్లు పట్టే జంటల్లో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ పరిశీలనల సంఖ్య కంటే కాలవ్యవధి పొడవు ముఖ్యం. నెలవారీ డేటాను రోజువారీగా మార్చినంత మాత్రాన శక్తి పెద్దగా పెరగదు.

## సుంకం తీసేశాక మిగిలేది

సుంకం తీసేసిన తేడాలో కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండవు. 2013 జూలైలో రిజర్వు బ్యాంకు 80:20 నిబంధన తెచ్చింది. దిగుమతి చేసుకున్న బంగారంలో ఐదో వంతును ఎగుమతులకు కేటాయించాలన్నది దాని సారం. 2014 నవంబరులో దాన్ని ఎత్తివేశారు. ఆ కాలంలో సరఫరా బిగుసుకుపోయి స్థానిక ప్రీమియం ఒక దశలో ఔన్సుకు 100 డాలర్లు దాటింది. ఈ మెట్టును సుంకంలా తీసివేయడానికి ఏ నోటిఫికేషన్‌లోనూ దాని ఎత్తు రాసి ఉండదు. కారణం కూడా వేరు. సుంకం ఎంత పెరిగినా దాన్ని చెల్లించి బంగారం తెచ్చే దారి తెరిచే ఉంటుంది, కాబట్టి రెండు ధరల మధ్య ముడి అలాగే ఉంటుంది. పరిమాణం మీద ఆంక్ష పెడితే ఆ దారే ఇరుకవుతుంది, ముడి కొంతకాలం నిజంగానే వదులవుతుంది. కాబట్టి ఆ పదహారు నెలలను వేరుగా పరీక్షించడమో, వాటికి ప్రత్యేక స్థాయి ఇవ్వడమో సబబు. అన్నీ కలిపి ఒకే సగటు వేయడం సరికాదు.

తేడా సగటుకు తిరిగి వచ్చే వేగం కూడా రెండు వైపులా ఒకటి కాదు. ప్రీమియం పెరిగితే దిగుమతిదారులు వెంటనే సరుకు తెస్తారు, అది తగ్గుతుంది. గిరాకీ లేక తగ్గింపు పెరిగినప్పుడు మాత్రం దిగుమతులు ఆగుతాయే తప్ప ఉన్న బంగారం అంత తేలికగా దేశం దాటదు, కనుక తగ్గింపులు ఎక్కువ కాలం నిలుస్తాయి. మామూలు డికీ–ఫుల్లర్ పరీక్ష రెండు వైపులా ఒకే వేగం ఉందని భావించి సగటు వేగాన్నే చూపుతుంది. బంధం ఉందా లేదా అన్న తీర్పుకు దీనివల్ల పెద్దగా నష్టం లేదు. వేగం మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకునేవారికి మాత్రం నష్టమే.

సమయాల పొంతన గురించి కూడా తరచూ సందేహం వస్తుంది. లండన్ మధ్యాహ్నపు ధర అక్కడి 3 గంటలకు వెలువడుతుంది. భారత కాలమానంలో అది శీతాకాలంలో రాత్రి 8.30, వేసవిలో 7.30. ఇక్కడి వర్తకుల ధర చాలా ముందుగానే వచ్చి ఉంటుంది. ఒకే తేదీ కింద రాసిన రెండు ధరల మధ్య కొన్ని గంటల కదలిక తేడాగా మిగులుతుంది. కొన్ని గంటల కదలిక స్టేషనరీ కనుక కోఇంటిగ్రేషన్ తీర్పును అది మార్చదు. కానీ మరుసటి రోజే ఆ తేడా సర్దుకుపోతుంది కనుక సర్దుబాటు వేగం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు ధరలనూ ఒకే గంటకు తీసుకోగలిగితే ఈ దోషం పోతుంది.

## తీర్పు తరువాత ఏ సమీకరణం

తేడా స్టేషనరీ అని తేలితే, దేశీయ ధరలోని రోజువారీ మార్పును అంతర్జాతీయ ధర మార్పు, రూపాయి మార్పు, నిన్నటి తేడా అనే వాటి మీద రిగ్రెస్ చేయవచ్చు. దీన్ని ఎర్రర్ కరెక్షన్ నమూనా అంటారు. నిన్నటి తేడా గుణకం −0.1 అయితే, అంతర్జాతీయ ధర నుంచి పక్కకు జరిగిన దూరంలో పదో వంతు ప్రతి రోజూ సర్దుకుంటున్నదని అర్థం. ఇదే సమీకరణాన్ని డాలరు ధర మార్పుకు కూడా రాస్తే అక్కడ తేడా గుణకం సున్నాకు దగ్గరగా ఉండాలి. భారత విపణిలోని ప్రీమియానికి అనుగుణంగా లండన్ ధర మారదు, మారవలసింది ఇక్కడి ధరే. అక్కడ కూడా పెద్ద గుణకం వస్తే సమయాల పొంతనను మళ్లీ సరిచూడాలి. శ్రేణులు మూడు కంటే ఎక్కువైనప్పుడు, లేదా ఏ ధరను ఎడమ వైపు పెట్టాలో స్పష్టంగా లేనప్పుడు ఎంగిల్–గ్రాంజర్‌కు బదులు జొహాన్సెన్ 1988లో ఇచ్చిన పద్ధతి వాడతారు. ఎంగిల్–గ్రాంజర్‌లో ఎడమ వైపు శ్రేణిని మారిస్తే తీర్పు మారే వీలుంది, జొహాన్సెన్ పద్ధతిలో ఆ సమస్య లేదు.

తేడా స్టేషనరీ కాదని తేలి, దానికి రూపాయి, సుంకం, పన్ను వంటి కారణాలేవీ కనిపించకపోతే స్థాయిల రిగ్రెషన్‌ను వదిలేసి మార్పులను మార్పుల మీద వేయాలి. దానిలో ఆర్-స్క్వేర్ బాగా చిన్నదిగా వస్తుంది. ఉదాహరణకు బంగారం ధరను, దానితో ఏ ఆర్థిక ముడీ లేని గుంటూరు మిర్చి ధర మీద స్థాయిల్లో వేస్తే వచ్చే పెద్ద అంకె, మార్పుల్లో వేయగానే కూలిపోతుందని ఆశించవచ్చు. ఆ చిన్న అంకెను చూసి నమూనా చెడిపోయిందని మళ్లీ స్థాయిలకు వెళ్లడం ఆచరణలో తరచూ జరిగే పని. ఒక ధర కదలిక మరో ధర కదలికను రోజు మీద ఎంత వివరిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆ చిన్న అంకెలోనే ఉంటుంది.